పెద్ద పెరటి తోట ఉన్నవారికి ఏం కానుక ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ళకి ఇచ్చేవే పెద్ద తోట ఉన్నవాళ్ళకీ ఇవ్వొచ్చు కదా?

ఇవ్వొచ్చు. నవ్వుతూ తీసుకుంటారు కూడా. కానీ వాడరు. మా మామయ్యకి నేను మొదటిసారి ఇచ్చింది అలాంటిదే: ముచ్చటైన పెట్టెలో రంగు పిడులున్న చిన్న చిన్న పనిముట్లు ఐదు. రెండో వారంలోనే చేతిపార మెడ దగ్గర వంగిపోయింది. మిగతా నాలుగూ పెట్టెలో నుంచి బయటికే రాలేదు. "బొమ్మల కొలువుకి బాగుంటాయి లేరా" అన్నాడాయన.

ఆయన తోట 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. దారులు, గట్లు, ఎరువు కుప్పల మూల తీసేస్తే మళ్ళకి మిగిలేది 300 చదరపు మీటర్లు. సాలుకీ సాలుకీ మధ్య 40 సెంటీమీటర్లు వదిలితే సాళ్ళన్నీ కలిపి 750 మీటర్లవుతాయి. అంటే ఒక్కసారి కలుపు తియ్యాలంటే ముప్పావు కిలోమీటరు. బొరిగె పట్టుకుని గొంతుక్కూర్చుని ముప్పావు కిలోమీటరు జరగడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. పైగా మొక్కలు చిన్నగా ఉన్నన్నాళ్ళూ వారం పది రోజులకోసారి ఆ పని తప్పదు.

కాబట్టి పెద్ద తోటకి కానుక ఎంచేటప్పుడు నేను చూసేది ఒక్కటే. వాళ్ళు వందలసార్లు చేసే పనిలో ఇది నడుముకీ మోకాళ్ళకీ ఏమైనా తగ్గిస్తుందా? ఈ పేజీ పొడుగునా మామయ్య తోట కొలతలే వాడతాను. మీవాళ్ళ తోట అంతకంటే పెద్దదైతే లెక్క ఆ మేరకు పెంచుకోండి.

ఒక్క వస్తువే కొనగలను. ఏది కొనాలి?

నిలబడి కలుపు తీసే పొడుగు కామ దంతె. అందులోనూ రికాబు ఆకారంలో రేకు ఉండి, ముందుకు తోసినా వెనక్కి లాగినా కోసేది. దాని రేకు సన్నగా, రెండు అంచులా పదునుగా ఉంటుంది. బిగించిన చోట కొద్దిగా ఊగుతుంది. ఊగుతోంది కాబట్టి లోపమనుకోకండి, దాని పనితనమంతా ఆ ఊగులోనే ఉంది. తోసినప్పుడు ఒక కోణంలో, లాగినప్పుడు ఇంకో కోణంలో వాలి, మట్టి పైపొరకి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందుగా జారుతూ కలుపు వేళ్ళని తెంపేస్తుంది. మట్టిని తవ్వదు కాబట్టి అడుగున నిద్రపోతున్న కలుపు గింజలు పైకి రావు.

ఎక్కడ పనిచెయ్యదో కూడా తెలిసి కొనండి. తడి బంకమట్టిలో రేకుకి ముద్ద పట్టుకుంటుంది. రాళ్ళ నేలలో ఎగిరెగిరి పడుతుంది. తుంగ, గరిక లాంటి మొండి కలుపుని పైపైన కోస్తుందే గానీ చంపలేదు. కలుపు దారప్పోగంత ఉన్నప్పుడు, పొడి ఎండ ఉన్న ఉదయం దింపితే మాత్రం దానికి సాటి లేదు. తెగిన మొక్కలు మధ్యాహ్నానికల్లా వాడి మట్టిలో కలిసిపోతాయి.

రేకు వెడల్పు సాళ్ళ మధ్య దూరంలో సగానికి మించకూడదు. 40 సెంటీమీటర్ల సాళ్ళకి 12 నుంచి 15 సెంటీమీటర్ల రేకు హాయిగా తిరుగుతుంది. ఇంకా వెడల్పుదైతే పని తొందరగా అవుతుందని కొంటారు గానీ, దానితో పెంచుకున్న మొక్కలే ముందు తెగుతాయి. రేకు విడిగా దొరికే రకమే తీసుకోండి. వీలైతే అదనపు రేకు ఒకటి పెట్టెలో పెట్టండి.

కామ పొడవు అడక్కుండా ఎలా తెలుసుకోవాలి?

తోసి లాగే దంతె కామ, నేల మీద నిలబెడితే మనిషి గడ్డానికీ ముక్కుకీ మధ్యకి రావాలి. దానికంటే పొట్టిదైతే వంగాల్సి వస్తుంది. అప్పుడు ఇంత వెతికి కొన్నదీ వృథా. ఇంట్లో వాళ్ళ ఫోటో ఒకటి చాలు: తలుపు పక్కనో, మీ పక్కనో నిలబడ్డది ఉంటే ఎత్తు అంచనా వెయ్యొచ్చు. సందేహంగా ఉంటే పొడుగుదే కొనండి. పొడుగు కామని కోసుకోవచ్చు, పొట్టిదానికి అతుకు వెయ్యలేం.

కాలితో తొక్కి తవ్వే పారకి లెక్క వేరు. దాని పిడి, మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మోచేతి కంటే కొంచెం కిందికి రావాలి. రేకు పైఅంచు కాలు పెట్టేందుకు మడిచి ఉందో లేదో తప్పకుండా చూడండి. మడత లేని అంచు రోజంతా చెప్పు అడుగుని కోస్తూనే ఉంటుంది.

దుకాణంలో చూసి గట్టి పనిముట్టు ఏదో ఎలా గుర్తుపట్టాలి?

తల కంటే మెడని ముందు చూడండి. నేను చూసిన పారలు, గునపాలు, ఫోర్కుల్లో అరిగిపోయి మూలపడ్డవి తక్కువ. కామా తలా కలిసే చోట విరిగినవే ఎక్కువ.

కొలిమిలో కాల్చి కొట్టి చేసిన తల ఒకే ఉక్కు ముక్క. మెడ దగ్గర మందంగా ఉండి, అంచు వైపు వచ్చేకొద్దీ పలచబడుతుంది. రేకుని అచ్చు వేసి కోసి చేసినదైతే మెడ నుంచి అంచు దాకా ఒకే మందం. దానికి కామ దూర్చే గొట్టాన్ని వేరే ముక్కగా వెల్డింగ్ చేసి ఉంటారు. ఆ అతుకు మీద రంగు దట్టంగా ఉంటే అనుమానించాల్సిందే. గొట్టం పూర్తిగా మూసి ఉండాలి. వెనకవైపు చీలిక ఉన్న గొట్టంలో మట్టీ నీళ్ళూ చేరి, ఇనుము తుప్పు పడుతుంది, లోపలి చెక్క చివుకుతుంది.

ఉక్కు గట్టిదనం తెలియాలంటే అంచు మీద ఆకురాయి ఒక్కసారి రాయండి. దుకాణం వాళ్ళు ఒప్పుకోకపోతే ఇంటికొచ్చాక, ఇంకా మార్చుకునే వ్యవధి ఉండగానే చెయ్యండి. ఆకురాయి కాస్త గట్టిగా పట్టి, సన్నటి పొడి రాలితే మంచి ఉక్కు. ముద్ద బెల్లం గీరినట్టు మెత్తగా లేచివస్తే అంచు రాళ్ళకి తగిలి మడతపడుతుంది. అసలు పట్టకుండా జారిపోతే మరీ గట్టిది. అది పదును పెట్టడానికి లొంగదు, రాయి తగిలితే పెచ్చులూడే ప్రమాదముంది.

స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది కదా, తుప్పు పట్టదు?

తుప్పు పట్టదు, బంకమట్టి దానికి అంతగా అంటుకోదు. పనిముట్లు వాననక ఎండనక బయటే వదిలేసేవాళ్ళకి అదే సరి. కానీ కలుపు కోసే అంచు విషయంలో నా ఓటు మామూలు కార్బన్ ఉక్కుకే. ఆకురాయితో రెండు నిమిషాల్లో పదునెక్కుతుంది. తుప్పంటారా, పని అయ్యాక గుడ్డతో తుడిచి చుక్క నూనె రాస్తే రాదు. పారకీ ఫోర్కుకీ స్టెయిన్‌లెస్, దంతెకీ కొడవలికీ కార్బన్ ఉక్కు అనుకుంటే పొరపాటు పడరు.

కామ చెక్కది తీసుకోవాలా, ఫైబర్‌దా?

ఫైబర్ కామ నానదు, చివకదు. ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే మాత్రం పైపూత లేచి గాజు పోగులు చేతికి గుచ్చుకుంటాయి. విరిగితే మామూలుగా పనిముట్టు మొత్తం మార్చుకోవాల్సిందే. చెక్క కామ విరిగితే ఇంకోటి వేసుకోవచ్చు. నేను చెక్కదే ఇస్తాను.

ఎంచేటప్పుడు కామని కంటికెత్తి పొడవునా చూడండి. చెక్కలోని గీతలు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిలువుగా సాగాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకి దిగిపోతుంటే ఒకనాడు సరిగ్గా అక్కడే చీలుతుంది. ముడులు అసలు ఉండకూడదు, ముఖ్యంగా మెడ దగ్గర. మందంగా రంగు పూసిన కామ వద్దు. ఆ రంగు కింద ఏముందో మీకు కనపడదు, పైగా చేతికి బొబ్బలెక్కుతాయి.

ఆకురాయి కానుకగా ఇస్తే బాగుంటుందా?

దంతెతో పాటు ఇస్తేనే ఆ దంతెకి అర్థం. కొత్త దంతెలు చాలావరకు మొద్దు అంచుతోనే వస్తాయి. వాటితో రెండు సాళ్ళు చేసి "ఇదేం పనిచెయ్యదు" అని మూలన పెట్టేస్తారు.

25 సెంటీమీటర్ల బల్లపరుపు ఆకురాయి, దానికి చెక్క పిడి, పళ్ళలో ఇరుక్కున్న ఇనుప పొడి దులిపే తీగ బ్రష్షు. ఇంతే. పిడి లేకుండా వాడితే వెనక ముల్లు అరచేతిలో దిగుతుంది కాబట్టి దాన్ని మర్చిపోవద్దు.

వాడే పద్ధతి ఒక కాగితం మీద రాసి పెట్టండి. పనిముట్టుని కదలకుండా బిగించాలి. అంచుకి ముందే ఉన్న వాలునే పట్టుకుని పోవాలి, కొత్త కోణం కనిపెట్టకూడదు. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది కాబట్టి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తాలి. రాస్తూ రాస్తూ అంచు వెనకవైపు వేలితో జాగ్రత్తగా తడిమితే ఒక దశలో సన్నటి గరుకు తగులుతుంది. పదును అంచు చివరిదాకా చేరిందనడానికి అదే గుర్తు. వెనకవైపు ఒక్కసారి తేలిగ్గా రాసి ఆ గరుకు తీసేస్తే పని అయిపోయినట్టే. మామయ్య ఇప్పుడు ప్రతి ఉదయం తోటలోకి దిగే ముందు పది తోపులు తోస్తాడు. కత్తికి సాన పట్టినట్టు గంటలు పట్టే పని కాదిది.

కామలకి రాసుకోడానికి అవిసె నూనె సీసా కూడా పెట్టేట్టయితే ఒక హెచ్చరిక రాసి తీరాలి. ఆ నూనెతో తడిసిన గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఇది మాటవరసకి చెప్పే భయం కాదు. వాడిన గుడ్డని విడదీసి ఆరుబయట ఆరెయ్యాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

కొమ్మలు కత్తిరించే సికేచర్ కొనొచ్చా?

కొనొచ్చు. రెండు రేకులు ఒకదాని పక్కనుంచి ఒకటి కత్తెరలా జారే రకం తీసుకోండి. ఒక రేకు వెళ్ళి బల్లపరుపు పీట మీద పడే రకం పచ్చికొమ్మల్ని నలిపేస్తుంది. రేకు, స్ప్రింగు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోండి. వాళ్ళది ఎడమచేతి వాటమేమో గుర్తు చేసుకోండి. కుడిచేతి సికేచర్‌తో మా అత్తయ్య ఎన్నో ఏళ్ళు తంటాలు పడింది, ఎందుకు కుదరడం లేదో ఎవరికీ తట్టలేదు.

విత్తనాలు ఇవ్వాలనుకుంటున్నాను. ఎన్ని, ఏవి?

విత్తనాల కానుకలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇరవై రకాల చిన్న పొట్లాల కట్ట కొనడం. చిక్కుడు జాతి గింజలు పది సెంటీమీటర్లకొకటి వేస్తే, 30 గింజల పొట్లం మూడు మీటర్లకి సరిపోతుంది. 750 మీటర్ల సాళ్ళున్న మనిషికి అది ఏ మూలకి? అలాగని టమాటా గింజలు ఎక్కువ అక్కర్లేదు. యాభై మొలిస్తే నారు పెద్ద తోటకీ దండిగా ఉంటుంది. కాబట్టి చిక్కుడు, బఠాణీ, మొక్కజొన్న, ముల్లంగి లాంటి, నేరుగా సాళ్ళలో వేసే గింజలు తూకంతో కొనండి. నారు పోసేవి పొట్లంతో కొనండి. రకాలు నాలుగైదు మించకుండా ఉంటే వాళ్ళు నిజంగా వేస్తారు.

రెండో పొరపాటు తేదీ చూడకపోవడం. అన్ని విత్తనాలకీ ఆయుష్షు ఒకటి కాదు. ఉల్లి గింజ ఒకటి రెండేళ్ళలోనే శక్తి పోగొట్టుకుంటుంది. బెండ, మిరప, మొక్కజొన్న మామూలు నిల్వలో రెండేళ్ళు అనుకోవచ్చు. చిక్కుడు, క్యారెట్ మూడేళ్ళు. టమాటా, వంకాయ, క్యాబేజీ నాలుగేళ్ళు. దోస, ముల్లంగి ఐదేళ్ళ దాకా ఆగుతాయి. అందుకే పాత సరుకు తక్కువ ధరకి వస్తోందని ఉల్లి గింజలు కొనకండి. దోస గింజలైతే నిరుటివైనా ఫర్వాలేదు.

అనుమానముంటే ఇచ్చే ముందు మీరే పరీక్షించవచ్చు. తడిపి పిండిన గుడ్డలో 20 గింజలు దూరం దూరంగా పేర్చి చుట్టి, గాలి కొంచెం ఆడే సంచిలో పెట్టి వెచ్చని చోట ఉంచండి. గుడ్డ ఆరకుండా చూసుకుంటూ వారం పది రోజులకి లెక్కపెట్టండి. 16 మొలిస్తే నిక్షేపంగా ఇవ్వొచ్చు. 10 మొలిస్తే, దట్టంగా వెయ్యమని పొట్లం మీద రాసి ఇవ్వండి. అయిదారే మొలిస్తే ఇవ్వకండి. మిరప, వంకాయ నెమ్మదిగా మొలుస్తాయి, వాటికి రెండు వారాలు ఓపిక పట్టాలి.

గులాబీ, నీలం రంగు పూసిన గింజలు శుద్ధి మందు పట్టించినవి. పిల్లలున్న ఇంటికి పంపేట్టయితే ఆ మాట పైన పెద్దక్షరాలతో రాయండి. ఇక వేరే దేశంలో ఉన్నవాళ్ళకి గింజలు పోస్టులో పంపాలనుకుంటే ముందు ఆ దేశం నియమాలు చూసుకోండి. చాలా దేశాలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాల్ని రానివ్వవు. అక్కడి దుకాణంలోనే కొనిపించడం సుఖం.

హైబ్రిడ్ ఇవ్వాలా, నాటు రకమా?

వాళ్ళు గింజ కట్టుకునే మనిషైతే నాటు రకం. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ వేస్తే మరుసటి తరం తలో రకంగా వస్తుంది. గింజ కట్టుకునే అలవాటు లేనివాళ్ళకి హైబ్రిడ్‌లో తప్పేమీ లేదు, తెగుళ్ళని తట్టుకునేవి వాటిలో బాగానే ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్ళకి టమాటా, చిక్కుడు నాటు రకాలు మంచివి. వాటి పువ్వులు ఎక్కువగా తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి పక్క సాలు రకంతో అంతగా కలవవు. గుమ్మడి, సొరకాయల సంగతి అలా కాదు. తేనెటీగ పక్కింటి గుమ్మడి పుప్పొడి తెచ్చి అంటిస్తే ఆ గింజ ఏమవుతుందో కాయ కాసేదాకా తెలియదు.

విత్తనాలు దాచుకునే పెట్టె ఇస్తే?

మంచి ఆలోచన, అందం చూసి కొనకపోతే. చెక్క అరల పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి గానీ వానాకాలం తేమని ఆపలేవు. గింజని చంపేది వేడీ తేమా కలిసి. గింజలోని తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందనీ, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్ళీ దాదాపు రెట్టింపవుతుందనీ విత్తన నిల్వలో ఒక మోటు లెక్క ఉంది.

కాబట్టి రబ్బరు బిగింపున్న గాజు జాడీ, రంగు మారే సిలికా జెల్ కొనండి. గింజల బరువుకి సమానంగా జెల్ వేసి వారం రోజులు మూసి ఉంచితే గింజలు బాగా ఆరతాయి. తర్వాత జాడీని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బయటికి తీసినప్పుడు మాత్రం, జాడీ గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. చల్లటి గింజల మీద గాలిలోని తేమ చేరి, ఇంత కష్టమూ ఒక్క నిమిషంలో పోతుంది. ఈ వాక్యం జాడీ మీద అంటించి ఇవ్వండి.

మట్టి బాగుకోసం పది బస్తాల కంపోస్టు పంపుదామనుకుంటున్నాను.

లెక్క చూద్దాం. బస్తా 40 లీటర్లనుకుంటే పది బస్తాలు 400 లీటర్లు. 300 చదరపు మీటర్ల మళ్ళ మీద పరిస్తే అది ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు. రెండున్నర సెంటీమీటర్ల పొర రావాలంటే ఏడున్నర ఘనపు మీటర్లు, అంటే 190 బస్తాల దాకా కావాలి. పది బస్తాలు నారుమడికి బాగుంటాయి, తోటకి కాదు.

అందుకే ఎరువు కంటే ఎరువు చేసుకునే సామగ్రి ఇవ్వండి. మీటరు ఎత్తున్న గట్టి జల్లి తీగని 4 మీటర్ల ముక్కలుగా మూడు కోయించండి. ఒక్కొక్కటి గుండ్రంగా చుట్టి కొసలు కట్టేస్తే, అడ్డంగా 1.2 మీటర్లుండే గంప తయారవుతుంది. ఒక్కో గంపలో మీటరు ఘనానికి కొంచెం ఎక్కువే పడుతుంది. అంతకంటే చిన్న కుప్ప వేడి నిలుపుకోలేదు, అందుకే ఈ కొలత. ఎండాకులు, గడ్డి ఎక్కువగా, పచ్చి చెత్త, పేడ తక్కువగా పొరలు పొరలుగా వేసి, పిండితే చుక్క కారీకారనంత తడి ఉంచితే రెండు మూడు రోజుల్లో లోపల కాగుతుంది.

ఆ కాగడం చూసుకోడానికి అరమీటరు పొడుగు కడ్డీ ఉన్న థర్మామీటరు పెట్టండి. మామయ్యకి ఇచ్చిన కానుకలన్నిటిలో ఆయన ఊళ్ళో వాళ్ళందరికీ చూపించింది ఇదే. ముల్లు 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులుంటే కలుపు గింజలు చాలావరకు చస్తాయి. 70 వైపు పోతుంటే ఎరువుని చేసే సూక్ష్మజీవులే చస్తాయి కాబట్టి తిరగెయ్యాలి. 45కి పడిపోయినా తిరగెయ్యాలి. ఎంతకీ ముల్లు లేవకపోతే కుప్ప పొడిగానైనా ఉండాలి, పచ్చిదైనా తక్కువై ఉండాలి. కుళ్ళిన వాసన వస్తే తడి ఎక్కువైంది, ఎండాకులు కలపాలి.

తిరగెయ్యడానికి సన్నటి పళ్ళున్న ఎరువు ఫోర్కు కావాలి. నేల తవ్వే లావుపళ్ళ ఫోర్కుతో ఈ పని చేస్తే బరువుకి భుజాలు పోతాయి. రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, చూసి తీసుకోండి. చివరికి కుప్ప సగానికో ఇంకా కిందికో దిగిపోతుంది. కాబట్టి మూడు గంపలూ ఒక విడతకి ఒకటిన్నర ఘనపు మీటర్లు ఇస్తే గొప్పే. ఏడాదిలో మూడు విడతలు చేసినా ఏడున్నర రాదు. మామయ్య అందుకే ఏటా సగం మళ్ళకే వేస్తాడు.

అయితే లారీడు పశువుల ఎరువు తోలిస్తే సరిపోదా?

సరిపోతుంది, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే. ఒక ఏడాది నేను అదే చేశాను. నల్లగా, వాసన లేకుండా చక్కగా మాగిన ఎరువు. టమాటా నాటిన మూడు వారాలకి లేతాకులు దోసిలిలా ముడుచుకుని, కొసలు ఫెర్న్ ఆకుల్లా సన్నగా మెలితిరిగాయి. చిక్కుళ్ళదీ అదే తంతు. ముందు వైరస్ తెగులనుకున్నాం. కానీ పక్క మడిలో ఆ ఎరువే వేసిన మొక్కజొన్న ఏపుగా ఉంది. ఎరువు వెయ్యని మూలలో టమాటాలూ బాగున్నాయి. అప్పుడర్థమైంది.

పచ్చిక బయళ్ళలో వెడల్పాకు కలుపుని చంపడానికి చల్లే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి మందులు గడ్డిజాతిని ఏమీ చెయ్యవు. ఆ గడ్డి తిన్న పశువునీ ఏమీ చెయ్యవు, కానీ పేడలో అలాగే బయటికొస్తాయి. కంపోస్టు వేడికి కూడా త్వరగా విరగవు. టమాటా, చిక్కుడు, బఠాణీలకి అతి తక్కువ మోతాదు చాలు.

కాబట్టి తోలించే ముందు రెండు బకెట్లు తెచ్చి పరీక్ష చెయ్యండి. మూడు కుండీల్లో ఆ ఎరువూ శుభ్రమైన మట్టీ సగం సగం కలపండి. ఇంకో మూడింట్లో ఆ ఎరువు లేని మట్టే నింపండి. అన్నిట్లో చిక్కుడు గింజలు వేసి, ఒకదాని నీళ్ళు ఇంకోదానిలోకి పోకుండా విడివిడిగా పెట్టండి. మూడు నాలుగు వారాల్లో, మూడో జత ఆకులు వచ్చేసరికి తేడా కనిపిస్తుంది. అన్ని కుండీల్లోనూ ఆకులు చదునుగా విచ్చుకుంటే లారీ పిలవండి. ఎరువు కుండీల్లో మాత్రమే ముడుచుకుంటే వద్దని చెప్పండి.

పచ్చిరొట్ట విత్తనాలు కానుకేనా?

పెద్ద తోటకి చాలా మంచి కానుక, పైగా బరువు లేనిది. జనుము అయితే 100 చదరపు మీటర్లకి 300 నుంచి 400 గ్రాములు చాలు. ఖాళీ అయిన మళ్ళలో చల్లి, పూత మొదలవగానే కోసి మట్టిలో కలపాలి. పూత ముదిరిందంటే కాండం నార కడుతుంది, కొయ్యబారిపోయి తొందరగా చివకదు. కలిపాక రెండు మూడు వారాలు ఆగి తర్వాతి పంట వెయ్యాలి.

మట్టి పరీక్ష ఫీజు కట్టేస్తే అది కానుక అనిపించుకుంటుందా?

నాకైతే అనిపించుకుంటుంది. ఏటా కంపోస్టు, పేడ దిట్టంగా వేసే పాత తోటల్లో భాస్వరం పేరుకుపోవడం మామూలే. అది ఎక్కువైతే మొక్క జింకు, ఇనుము సరిగా తీసుకోలేదు. లేతాకులు పసుపు రంగుకి తిరిగితే "ఎరువు చాల్లేదు" అని ఇంకా వేస్తారు. పరీక్ష చేయిస్తే తప్ప ఈ చుట్టు తెగదు.

ఫీజుతో పాటు నమూనా మీరే తీసిపెట్టండి. తోటంతా వంకరటింకరగా తిరుగుతూ పది పదిహేను చోట్ల పైచెత్త తీసేసి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, దాని గోడ నుంచి పలచటి పొర గీకాలి. ఎరువు కుప్ప పక్కనా, గట్టు మీదా, చెట్టు కిందా తియ్యకూడదు. అంతా ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, నీడలో ఆరబెట్టి, కుప్పగా పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. ఎరువు వేసి నెల కూడా కాని మట్టి పంపకండి.

మట్టిలో గుచ్చితే పీహెచ్ చూపిస్తుందనే రెండు కడ్డీల చవక మీటరు మాత్రం కొనకండి. మా దగ్గరున్నది ఒకే గుంటలో మూడుసార్లు గుచ్చితే మూడు అంకెలు చూపించింది.

వాళ్ళ దగ్గర పనిముట్లన్నీ ఉన్నాయి. ఏమిచ్చినా రెండోదవుతుంది.

అయితే మూలన పడున్న పాత పార ఒకటి అడిగి తీసుకోండి. తాతలనాటి పారల తలలు చాలావరకు మంచి ఉక్కువి, కామే పోయి ఉంటుంది. విరిగిన ముక్కని మేకు కొట్టి గొట్టంలోంచి బయటికి తియ్యండి. కాల్చి తీద్దామనుకోకండి, ఆ వేడికి ఉక్కు మెత్తబడుతుంది. తుప్పుని తీగ బ్రష్షుతో రుద్ది, అంచుకి ఆకురాయి పట్టండి. కొత్త కామ కొసని చిత్రికపట్టి కొంచెం కొంచెంగా సన్నం చేస్తూ, గొట్టంలోకి దూర్చి తీసి చూడండి. ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ చెక్క మీద నల్లటి మరక పడుతుంది, ఆ మరక ఉన్నచోటే చెక్కాలి. చివరి రెండు సెంటీమీటర్లు చేత్తో దిగకుండా మిగిలినప్పుడు ఆపి, పారని గాలిలో వేలాడేట్టు పట్టుకుని కామ పైకొసని చెక్క సుత్తితో కొడితే తల దానంతటదే పైకెక్కి బిగుస్తుంది. మేకు వేసి, అవిసె నూనె రెండు పూతలు రాసి ఆరనివ్వండి.

మామయ్య పారకి నేను ఈ పని చేసినప్పుడు ఆయన మొదట చూసింది అంచు కాదు. కామని రెండు చేతులా పట్టుకుని, కంటికెత్తి, ఈ కొస నుంచి ఆ కొస దాకా గీతలు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఆకురాయి శబ్దానికే నాకు మెలకువ వచ్చింది.